ఒక టీవీ, నలుగురు చూసేవాళ్లు: ప్రొఫైల్స్ పెట్టినా సజెషన్స్ ఎందుకు పాడవుతాయి, ఎలా సరిచేయాలి

ప్రశ్న: "హాల్లో ఒకటే టీవీ అండీ. నెట్‌ఫ్లిక్స్ మావారి పేరు మీద ఉంది, యూట్యూబ్ కూడా ఆయన జీమెయిల్‌తోనే లాగిన్ అయి ఉంది. బాబుకి ఆరేళ్లు, వాడికి కార్టూన్లు కావాలి. అత్తయ్యగారు ప్రవచనాలు, వంటల వీడియోలు చూస్తారు. ఇప్పుడు ఏది తెరిచినా అవే. చివరికి మావారి ఫోన్లో కూడా రైమ్స్ వస్తున్నాయి. ఒకసారి అందరికీ ప్రొఫైల్స్ పెట్టాం, నెల తిరక్కుండా మళ్లీ మొదటికే వచ్చింది. అసలు సరైన పద్ధతి ఏంటి?"

సమాధానం:

మీరు ప్రొఫైల్స్ పెట్టడంలో తప్పేమీ జరగలేదండీ. అవి పెట్టాక టీవీ ఎవరి ప్రొఫైల్లో తెరుచుకుంటోంది అన్నదగ్గరే వస్తుంది చిక్కు. రిమోట్ తీసుకున్న ప్రతిసారీ తన పేరు వెతికి నొక్కే ఓపిక ఆరేళ్ల పిల్లాడికీ ఉండదు, పెద్దావిడకీ ఉండదు. ఏది తెరిచి ఉంటే అందులోనే చూస్తారు. టీవీలో నెట్‌ఫ్లిక్స్ యాప్‌ని పూర్తిగా మూయకుండా రిమోట్‌తో టీవీ కట్టేస్తే, చాలా సెట్లలో మళ్లీ ఆన్ చేసినప్పుడు `Who's watching?` అని అడగకుండా నిన్న రాత్రి చివరగా చూసినవాళ్ల ప్రొఫైల్లోకే నేరుగా వెళ్లిపోతుంది. రాత్రి చివరగా చూసేది మీవారైతే, పొద్దున్నే బాబు చూసే కార్టూన్లన్నీ ఆయన లెక్కలోనే పడతాయి.

అందుకని మనుషులు మరిచిపోతారనే అనుకుని అమర్చుకోవాలి. ఎవరూ ఏమీ ఎంచుకోకపోతే తెరుచుకునే ప్రొఫైల్ పాడైనా ఫర్వాలేనిది అయి ఉండాలి. పాడవకూడదు అనుకున్న ప్రొఫైల్‌కి తాళం ఉండాలి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే.

నెట్‌ఫ్లిక్స్‌తో మొదలుపెడదాం

ఒక ఖాతాకి ఐదు ప్రొఫైల్స్ దాకా పెట్టుకోవచ్చు. వీటికీ, ఒకేసారి ఎన్ని తెరల మీద చూడొచ్చు అనేదానికీ సంబంధం లేదు. అది మీ ప్లాన్‌ని బట్టి ఉంటుంది. ప్రొఫైల్ పెంచితే స్క్రీన్ పెరగదు, డబ్బూ పెరగదు.

మీ ఇంట్లో ఉన్న పాత ప్రొఫైల్‌ని శుభ్రం చేసి మీవారికి ఇవ్వాలా, లేక ఆయనకి కొత్తది పెట్టాలా అన్నది ముందు తేల్చుకోవాలి. దీనికి ఊహ అక్కర్లేదు. కంప్యూటర్‌లోనో ఫోన్ బ్రౌజర్‌లోనో లాగిన్ అయి, ఆ పాత ప్రొఫైల్‌ని ఎంచుకుని, ఈ చిరునామా తెరవండి:

```
netflix.com/viewingactivity
```

ఆ ప్రొఫైల్లో ఇప్పటిదాకా చూసినవన్నీ తేదీలతో వరసగా వస్తాయి. మొదటి రెండు మూడు పేజీలు కిందికి జరిపి చూడండి. అందులో సగానికి పైగా ఆయన చూసినవే అయితే, మిగతావాటి పక్కనున్న అడ్డగీత గుండ్రం గుర్తు నొక్కి దాచేయడమే తేలిక. సీరీస్‌లో ఒక ఎపిసోడ్ దాచగానే మొత్తం సీరీస్‌ని దాచమంటారా అని అడుగుతుంది. అక్కడ అవుననండి, లేకపోతే నలభై ఎపిసోడ్లు ఒక్కొక్కటే నొక్కుతూ కూర్చోవాలి. దాచినవి Continue Watching వరసలోంచి పోతాయి, సజెషన్స్‌లో లెక్కలోకి రావు. అన్ని పరికరాల్లోనూ ఈ మార్పు కనిపించడానికి 24 గంటల దాకా పట్టవచ్చు కాబట్టి, వెంటనే టీవీ తెరిచి "ఏం మారలేదే" అనుకోవద్దు. దాచిన సినిమాని అదే ప్రొఫైల్లో మళ్లీ పెడితే మళ్లీ లెక్కలోకి వస్తుంది, అది గుర్తుంచుకోండి.

అదే పేజీలో చూసినవాటితో పాటు రేటింగ్ ఇచ్చినవి విడిగా కనిపిస్తాయి. చాలామంది అటు చూడరు. పిల్లలు రిమోట్‌తో ఆడుతూ బొటనవేలు గుర్తులు నొక్కేస్తారు. చూసిన జాబితా ఎంత కడిగినా, ఒక కార్టూన్‌కి రెండు బొటనవేళ్ల మెచ్చుకోలు అలాగే ఉండిపోతే ఆ రకం మళ్లీ తొంగిచూస్తూనే ఉంటుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి మీ ఇంట్లో సగానికి మించే కలగలిసిపోయింది. అలాంటప్పుడు కడగడం మీద టైం పెట్టొద్దు. పాత ప్రొఫైల్‌ని అందరి ప్రొఫైల్ చేసేయండి. అది ఖాతాతో పుట్టిన మొదటి ప్రొఫైల్ కాబట్టి ఎలాగూ తీసేయడానికి కుదరదు. దాని పేరు "హాలు" అనో "ఇల్లు" అనో మార్చి, బొమ్మ కూడా మార్చండి. భోజనాలప్పుడు అందరూ కలిసి చూసే సినిమా, చుట్టాలొచ్చినప్పుడు పెట్టేవి, ఎవరు చూస్తున్నారో తెలియనివి అన్నీ అందులోనే. నిజానికి కలిసి చూసేవాటికి విడిగా ఒక ప్రొఫైల్ ఉండటం అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది. ఇంట్లో ఎక్కువ గంటలు నడిచేది కలిసి చూసేవే. మనిషికొక ప్రొఫైల్ మాత్రమే పెట్టుకుంటే, ఆ గంటలన్నీ ఎవరో ఒకరి నెత్తిన పడతాయి.

అలా చూస్తే మీకు కావలసినవి ఐదు: ఇల్లు, మీవారు, మీరు, అత్తయ్యగారు, బాబు. సరిగ్గా సరిపోతాయి. ఇంట్లో ఆరో మనిషి ఉంటే, ఒకే రకం చూసే ఇద్దర్ని ఒక ప్రొఫైల్లో కలపండి. భార్యాభర్తలైనంత మాత్రాన కలపనక్కర్లేదు, ఇద్దరి రుచీ ఒకటైతేనే కలపాలి.

మీవారు పాతది వదులుకుంటున్నారు కాబట్టి ఆయన సగంలో ఆపిన సీరీస్‌లు, My List కొత్త ప్రొఫైల్లోకి రావు. మార్చే ముందు ఏ సీరీస్ ఎన్నో ఎపిసోడ్ దగ్గర ఉందో ఒక కాగితం మీద రాసుకోమనండి. ఇది చేయకపోతే రెండు రోజుల్లో విసుగొచ్చి మళ్లీ పాత ప్రొఫైల్‌కే వెళ్లిపోతారు, మీరు చేసిన పనంతా వృథా.

కొత్త ప్రొఫైల్ పెట్టగానే నచ్చిన సినిమాలు కొన్ని ఎంచుకోమని అడుగుతుంది. తొందరలో దాన్ని దాటేస్తుంటారు. దాటేస్తే అందరికీ చూపే రకరకాల జనాదరణ సినిమాలతో మొదలవుతుంది. ఆ మనిషే కూర్చుని నిజంగా నచ్చినవి ఎంచుకుంటే మొదటి రోజు నుంచే తేడా ఉంటుంది. ఆ తర్వాత ఈమధ్య చూసినవాటికే పాతవాటికన్నా బరువెక్కువ. అందుకే మొదటి రెండు వారాలు ఎవరి ప్రొఫైల్లో వాళ్లే చూడటం ముఖ్యం.

భాష సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. ఆడియో, సబ్‌టైటిల్ ఎంపిక ప్రొఫైల్‌కి ప్రొఫైల్‌కి విడిగా గుర్తుంటుంది. అత్తయ్యగారి ప్రొఫైల్లో ఒకసారి తెలుగు ఆడియో పెడితే, తెలుగు ఉన్న సినిమాలు తర్వాత తెలుగులోనే మొదలవుతాయి. మీవారు కొరియన్ సీరీస్‌ని అసలు భాషలో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూసుకున్నా అటు తేడా రాదు. ఖాతా సెట్టింగుల్లో ప్రతి ప్రొఫైల్‌కీ Languages అని ఉంటుంది. ఏ భాషల సినిమాలు చూస్తారో అక్కడ టిక్ పెడితే సజెషన్స్ కూడా అటు మొగ్గుతాయి. పెద్దవాళ్లకి ఇది చేసిపెడితే వాళ్ల ప్రొఫైల్ మీద వాళ్లకే ఇష్టం పుడుతుంది, మీవారి దాంట్లోకి వెళ్లే అవసరమే రాదు.

ఇక తాళం. బ్రౌజర్‌లో Account తెరిచి, మీవారి ప్రొఫైల్‌ని ఎంచుకుని, Profile Lock లోకి వెళితే నాలుగంకెల పిన్ పెట్టుకోవచ్చు. పెట్టేముందు ఖాతా పాస్‌వర్డో, ఫోన్‌కో మెయిల్‌కో వచ్చే కోడో అడుగుతుంది. మీ ప్రొఫైల్‌కీ అలాగే పెట్టండి. ఇల్లు, అత్తయ్యగారు, బాబు ప్రొఫైల్స్‌కి తాళం వద్దు. ఇప్పుడు రిమోట్ ఎవరి చేతికొచ్చినా పిన్ అడగని దాంట్లోకే వెళతారు. అక్కడ ఏం చూసినా మీవారి జాబితా చెక్కుచెదరదు.

పిన్‌కి ఒక హద్దు ఉంది. ప్రొఫైల్లోకి వెళ్లేటప్పుడే అడుగుతుంది, లోపల తెరిచి ఉన్నదాన్ని మూయదు. రాత్రి మీవారు చూస్తూ చూస్తూ టీవీ కట్టేసి పడుకుంటే, పొద్దున పిన్ అడగకుండానే ఆయన ప్రొఫైల్ తెరుచుకునే అవకాశం ఉంది. కాబట్టి రాత్రి ఆయన టీవీ ముందునుంచి లేచేటప్పుడే ప్రొఫైల్ మార్చి "ఇల్లు"లోకి రావాలి, లేదా బ్యాక్ బటన్‌తో యాప్‌లోంచి పూర్తిగా బయటికొచ్చి టీవీ కట్టేయాలి. ఇంట్లో ఒక్కరికే అలవాటు చేయాల్సిన పని ఇది, అదీ ఎవరి సజెషన్స్ పాడవుతున్నాయో ఆయనకే.

"ఇల్లు" ప్రొఫైల్‌కి తాళం లేదు కాబట్టి బాబు అందులోకి వెళతాడు, అది ఖాయం. అందుకే దాని Viewing Restrictions లో వయసు హద్దు 13+ దగ్గర పెట్టండి. బాబుది మాత్రం Kids ప్రొఫైల్‌గా పెట్టి, హద్దు 7+ చేయండి. వాడి ప్రొఫైల్లో Playback settings లోకి వెళ్లి తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే టిక్ తీసేయండి. పిల్లాడు సోఫాలో నిద్రపోయాక ఎవరూ చూడకుండా నడిచే ఎపిసోడ్లు కూడా చూసినట్టే లెక్క.

అసలు తలనొప్పి యూట్యూబ్

మన ఇళ్లలో టీవీ ఎక్కువసేపు నడిచేది దీనిమీదే, అందుకే సజెషన్స్ ఎక్కువ పాడయ్యేదీ ఇక్కడే. నెట్‌ఫ్లిక్స్‌లో లాగా ఖాతా లోపల ప్రొఫైల్స్ ఉండవు. గూగుల్ ఖాతాయే ప్రొఫైల్. టీవీలో మీవారి జీమెయిల్ ఉంది కాబట్టి, బాబు హాల్లో చూసిన ప్రతి రైమూ ఆయన చూసినట్టే రాసుకుంటుంది. అది టీవీకి మాత్రమే ఉండదు, అదే ఖాతా ఉన్న ఫోన్‌కీ ఆఫీసు లాప్‌టాప్‌కీ వెళుతుంది. ఆయన ఫోన్లో రైమ్స్ రావడానికి కారణం ఇదే.

దీనికి పరిష్కారం ఒకటే: సొంత మనిషి ఖాతా ఏదీ హాల్లోని టీవీలో ఉండకూడదు. ఇంటికంటూ ఒక కొత్త జీమెయిల్ తెరవండి. పుట్టిన తేదీ మీదే ఇవ్వండి, పెద్దవాళ్ల ఖాతాగా ఉండాలి. టీవీలో యూట్యూబ్ తెరిచి, ఎడమవైపు పట్టీలో ఖాతా బొమ్మ మీదికి వెళ్లి, ఖాతా చేర్చమంటే తెరమీద ఒక కోడ్ వస్తుంది. ఫోన్‌లో ఇంటి జీమెయిల్‌తో లాగిన్ అయి ఈ చిరునామాలో ఆ కోడ్ కొట్టండి:

```
youtube.com/activate
```

ఇక్కడే అందరూ జారిపడతారు. ఫోన్ బ్రౌజర్‌లో అప్పటికే మీవారి ఖాతా తెరిచి ఉంటే, కోడ్ కొట్టగానే మళ్లీ ఆయనదే టీవీలోకి ఎక్కుతుంది. కోడ్ కొట్టే ముందు పైన మూలనున్న బొమ్మ ఎవరిదో చూసుకోండి.

ఇప్పుడు ఒకే ఖాతాలో అత్తయ్యగారికి విడిగా కావాలంటే ఇంకో జీమెయిల్, ఇంకో ఫోన్ నంబర్ వెతుక్కోనక్కర్లేదు. ఇంటి ఖాతాతో కంప్యూటర్‌లో `youtube.com/account` తెరిస్తే, ఉన్న ఛానెల్స్ చూసుకోవడానికీ కొత్తది చేర్చడానికీ ఒక లింకు ఉంటుంది. అక్కడ "అత్తయ్య" అని ఇంకో ఛానెల్ పెట్టండి. వీడియోలు పెట్టడానికి కాదు ఇది. ప్రతి ఛానెల్‌కీ చూసిన చరిత్ర, సబ్‌స్క్రిప్షన్లు, సజెషన్స్ విడివిడిగా ఉంటాయి, అందుకే. టీవీలో ఖాతాలు మార్చే తెరలో రెండూ కనిపిస్తాయి. ఛానెల్ పేరు ఎవరికైనా కనిపించేదే కాబట్టి ఇంటిపేరు, అసలు పేరు, ఫోటో పెట్టొద్దు. అత్తయ్యగారు ఆ ఛానెల్లో ఉండగా తనకి నచ్చే ప్రవచనకారుల ఛానెల్స్ నాలుగైదింటికి సబ్‌స్క్రైబ్ చేసిపెడితే, రిమోట్‌లో వెతుక్కునే పని తగ్గుతుంది.

బాబుకి టీవీలో యూట్యూబ్ కిడ్స్ యాప్ వెతకొద్దు. 2024 నుంచి టీవీలకి ఆ విడి యాప్ లేదు, మామూలు యూట్యూబ్ యాప్‌లోనే ఖాతాలు ఎంచుకునే తెర నుంచి కిడ్స్‌లోకి వెళ్లాలి. పెద్దవాళ్ల ఖాతాగా ఇంటి జీమెయిల్‌నే ఇవ్వండి. వయసు అడిగినప్పుడు 5 నుంచి 8 ఏళ్ల వర్గం మీవాడికి సరిపోతుంది. కిడ్స్ సెట్టింగుల్లో వెతుకులాట ఆపేసే ఏర్పాటు కూడా ఉంది. ఈ వయసుకి అది ఆపేయడమే మేలు, లేకపోతే మైక్‌లో ఏదో ఒకటి అనడం, ఇంకేదో రావడం.

రెండు చిక్కులు ముందే చెప్పాలి. ఒకటి, మీది ఆండ్రాయిడ్ టీవీ లేదా గూగుల్ టీవీ అయితే, మీవారి జీమెయిల్ యూట్యూబ్‌కే కాక టీవీ మొత్తానికీ, ప్లే స్టోర్‌కీ ఖాతాగా ఉంటుంది. యూట్యూబ్‌లో ఇంటి ఖాతా ఎంచుకున్నా ఆయన పేరు జాబితాలో కనిపిస్తూనే ఉంటుంది, ఎవరో ఒకరు నొక్కుతారు. టీవీ సెట్టింగుల్లో Accounts & sign-in లో ముందు ఇంటి ఖాతా చేర్చి, ఆ తర్వాతే ఆయనది తీసేయండి. ఆయన ఖాతాతో టీవీలో డబ్బు పెట్టి కొన్న యాప్‌లేమైనా ఉంటే అవి ఇంటి ఖాతాకి రావు, అలాంటివి ఉంటే తీసేయకుండా యూట్యూబ్ వరకే మార్చుకోండి. రెండోది, ఆయనకి యూట్యూబ్ ప్రీమియం ఉంటే అది ఆయన ఖాతాకే. ఇంటి ఖాతాలో ప్రకటనలు వస్తాయి. ప్రకటనలు మొదలవగానే "పాతదే నయం" అని ఆయన ఖాతా మళ్లీ టీవీలోకి వచ్చేస్తుంది, చాలా ఇళ్లలో ఈ పద్ధతి మూలపడేది ఇందుకే. ఫ్యామిలీ ప్లాన్‌కి మారితే ఒకే ఇంట్లో ఉండే మరో ఐదుగురిని చేర్చుకోవచ్చు. ఇంటి ఖాతాని అందులో ఒకటిగా చేర్చండి.

మీవారి ఖాతాలో ఇప్పటికే పేరుకున్నదాన్ని తీసేయడం సులువు. ఆయన లాగిన్‌తో `myactivity.google.com` తెరిచి, యూట్యూబ్ చరిత్రలోకి వెళ్లి, rhymes అనో ఆ కార్టూన్ పేరో వెతికి వచ్చిన ఫలితాల్ని తీసేయొచ్చు. తేదీలు ఇచ్చి ఆ మధ్యలోదంతా ఒకేసారి తీసేయడం కూడా కుదురుతుంది. వేసవి సెలవులంతా బాబుదే రాజ్యమైతే ఆ రెండు నెలలూ కొట్టేయండి. ఇది చేసినా రైమ్స్ వస్తుంటే సబ్‌స్క్రిప్షన్లు, లైక్ చేసిన వీడియోల జాబితా చూడండి. బాబు నొక్కిన సబ్‌స్క్రైబ్‌లు చరిత్ర తీసేసినంత మాత్రాన పోవు. మిగిలిన ఒకటీ అరా కనిపించినప్పుడు మూడు చుక్కలు నొక్కి ఆ ఛానెల్ వద్దని చెబితే సరిపోతుంది.

విసుగొచ్చి చూసిన చరిత్రని పూర్తిగా ఆపేయమని కొందరు సలహా ఇస్తారు. ఆపేసి ఉన్నదంతా తుడిచేస్తే హోమ్ పేజీలో సజెషన్సే రావు, ఖాళీగా ఉంటుంది. ఆపాల్సింది ఆయన ఖాతాలో కాదు. బంధువుల పిల్లలు వారం రోజులు ఉండడానికొస్తే, ఆ వారానికి ఇంటి ఖాతాలో ఆపండి, వాళ్లు వెళ్లాక మళ్లీ మొదలుపెట్టండి.

ప్రైమ్ వీడియో గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆరు ప్రొఫైల్స్ దాకా ఇస్తుంది, వాటిలో కిడ్స్‌వి కూడా పెట్టుకోవచ్చు. చూసినవాటిని సెట్టింగుల్లోని Watch history నుంచి తీసేయొచ్చు. పైన చెప్పిన ఐదుగురి లెక్కే అక్కడా పెట్టండి, పేర్లూ అవే ఉంచండి. ఒక యాప్‌లో "ఇల్లు", ఇంకో యాప్‌లో "హాలు" అని పెడితే పెద్దావిడ తికమకపడతారు. అలాగే గూగుల్ టీవీ మొదటి తెర మీద కనిపించే ప్రొఫైల్‌కీ ఈ యాప్‌ల లోపలి ప్రొఫైల్స్‌కీ లంకె లేదు. టీవీలో మీ పేరు ఎంచుకున్నంత మాత్రాన నెట్‌ఫ్లిక్స్ మీ ప్రొఫైల్లో తెరుచుకోదు.

ఇదంతా పెట్టాక ఒక వారం ఆగి, మీవారి రెండు జాబితాలూ ఒకసారి తెరిచి చూడండి. యూట్యూబ్ చరిత్రలో తేదీతో పాటు గంట, నిమిషం కూడా ఉంటాయి. ఆయన ఆఫీసులో ఉన్న మధ్యాహ్నం నాలుగింటికి కార్టూన్ కనిపిస్తే, ఆయన ఖాతా ఇంకా ఎక్కడో ఉండిపోయిందన్నమాట. చాలాసార్లు అది టీవీ కాదు, బాబు చేతికిచ్చే పాత ఫోనో ట్యాబో. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే Account లోని Manage access and devices చూడండి, ఏ పరికరంలో చివరగా ఏ ప్రొఫైల్ నడిచిందో అందులో ఉంటుంది. అనుమానం ఉన్న ట్యాబ్‌ని అక్కడినుంచే సైన్ అవుట్ చేసి, మళ్లీ లాగిన్ అయ్యేటప్పుడు నేరుగా బాబు ప్రొఫైల్లో తెరిచి వాడి చేతికివ్వండి.